ఖాళీగా ఉన్న పదో ఇంటిని ఎలా చదవాలి: పన్నెండు భావాలకు తొలి పాఠం

ప్రశ్న: అయ్యా, నాకు జ్యోతిషంలో ఓనమాలు కూడా తెలియవు. నేను తిరుపతిలో 1999 ఆగస్టు 22న ఉదయం 8.45కు పుట్టాను. అమ్మ రాయించిన జాతకంలో పన్నెండు గళ్లు, వాటిలో ల, చం, గు, శ లాంటి అక్షరాలు ఉన్నాయి. నా రాశి ధనుస్సు. పదో ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి ఉద్యోగం నిలవదని, ఎనిమిదో ఇంట్లో గురువు ఉండడం మంచిది కాదని తెలిసినవారు ఒకరు అన్నారు. అసలు ఈ ఇళ్లను ఎలా చదవాలి?

సమాధానం:

అమ్మా, ముందుగా మీ మనసులోని భయం సంగతి చూద్దాం. గ్రహాలు తొమ్మిది, ఇళ్లు పన్నెండు. కాబట్టి ఎవరి జాతకంలోనైనా కనీసం మూడు ఇళ్లు ఖాళీగానే ఉంటాయి. మీ చక్రంలో కొన్ని గళ్లలో ఇద్దరేసి గ్రహాలు కలిసి ఉన్నందువల్ల ఆరు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఆరింటిలో పదో ఇల్లే కాదు, ఒకటో ఇల్లు కూడా ఉంది. ఒకటో ఇల్లు అంటే మీ శరీరం, మీ ఉనికి. ఖాళీ ఇంటికి ఫలితమే ఉండదన్న మాట నిజమైతే, ఈ ప్రశ్న అడగడానికి మీరే ఉండకూడదు. తాళం వేసి ఉన్నంత మాత్రాన ఇంటికి యజమాని లేడని ఎవరూ అనుకోరు కదా, జాతకంలో భావం అని పిలిచే ఇంటి విషయంలోనూ అంతే. ఆ యజమాని ఎవరో, ఎక్కడ ఉన్నాడో కనుక్కోవడమే ఇంటిని చదవడంలో అసలు పని. దాన్ని మీ పదో ఇంటి మీదే చేసి చూపిస్తాను.

కాగితాన్ని ముందు పెట్టుకోండి. మన ప్రాంతంలో వేసే చక్రంలో నాలుగు వైపులా పన్నెండు గళ్లు ఉంటాయి, మధ్యలో ఖాళీ చోటు ఉంటుంది. ఈ గళ్లలో రాశుల స్థానాలు ఎవరి జాతకంలోనూ మారవు. పై వరుసలో ఎడమ మూలన మీనం, దాని పక్కన మేషం, తరువాత వృషభం, కుడి మూలన మిథునం ఉంటాయి. అక్కడి నుంచి కుడి వైపున కిందికి కర్కాటకం, సింహం వస్తాయి. కింది కుడి మూలన కన్య, అక్కడి నుంచి ఎడమకు తుల, వృశ్చికం, కింది ఎడమ మూలన ధనుస్సు, మళ్లీ పైకి మకరం, కుంభం వచ్చి మీనాన్ని కలుస్తాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడ వీధుల్లో ప్రదక్షిణ చేసేటప్పుడు గుడి ఎప్పుడూ మన కుడిచేతి వైపున ఉంటుంది. చక్రంలో లెక్కించేటప్పుడు కూడా మధ్యనున్న ఖాళీ చోటు కుడిచేతి వైపున ఉండేలా నడవాలి. ఈ పోలిక గుర్తుంటే దిక్కు తప్పిపోదు.

రాశులు కదలవు గాని, ఒకటో ఇల్లు ఎక్కడ మొదలవుతుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. మీరు పుట్టిన క్షణంలో తూర్పున ఉదయిస్తున్న రాశి మీ లగ్నం. "ల" అన్న అక్షరం ఉన్న గడి అదే, దానినే ఒకటి అనుకోవాలి. మీకది కన్య. మీరు నా రాశి అని చెబుతున్న ధనుస్సు, పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న గడి. పత్రికల్లోనూ టీవీలోనూ వచ్చే రాశిఫలాలు చంద్రుడి నుంచి చెబుతారు కాబట్టి అందరికీ అదే నోటికి వస్తుంది. చంద్రుడి నుంచి ఇళ్లు లెక్కించి చూసే పద్ధతి కూడా శాస్త్రంలో ఉంది, కాని అది రెండోసారి సరిచూసుకోవడానికి వాడేది. మొదటిసారి నేర్చుకునేవారు రెండు లెక్కలనూ కలిపితే ఏ ఇల్లు ఏదో తెలియని అయోమయంలో పడతారు. అందువల్ల ప్రస్తుతానికి "ల" నుంచి మాత్రమే లెక్కించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "ల" ఉన్న గడే ఒకటి, దాని పక్క గడి రెండు. నేను నేర్చుకునే రోజుల్లో మొదటి కొన్ని నెలలు పక్క గడి నుంచి ఒకటి అని లెక్కపెట్టాను. దానివల్ల ప్రతి ఇల్లూ ఒక గడి ముందుకు జరిగిపోయి, దగ్గరి బంధువు ఒకాయన జాతకంలో ఎనిమిదో ఇంటిని ఏడోదిగా చదివి పెళ్లి విషయంలో తప్పు మాట చెప్పాను. మా గురువుగారు అదే చక్రాన్ని వేలు పెట్టి లెక్కించి చూపించే వరకు నా పొరపాటు నాకు తెలియలేదు. గ్రహాల దృష్టులను, అంటే ఏ గ్రహం ఏ గడిని చూస్తుందన్నది, లెక్కించేటప్పుడు కూడా ఇదే నియమం: గ్రహం ఉన్న గడే ఒకటి.

చదవడానికి ముందు అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత కాగితాల్లో సిరా వెలిసిపోయి, "శు"లో కొమ్ము చెరిగిపోతే అది "శ"లా కనిపిస్తుంది. శుక్రుడు శని అయిపోతాడు. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. శుక్రుడు రవికి రెండు గళ్ల కంటే దూరంగా ఎప్పుడూ ఉండడు. బుధుడు రవి ఉన్న గడిలోనో, దానికి ఆ పక్కనో ఈ పక్కనో మాత్రమే ఉంటాడు. రాహు కేతువులు ఎప్పుడూ ఎదురెదురు గళ్లలోనే ఉంటారు. మీ చక్రంలో రవి సింహంలో ఉన్నాడు కాబట్టి, ఆయనకు నాలుగు గళ్ల దూరంలో మేషంలో ఉన్న "శ" శుక్రుడు కావడానికి వీల్లేదు, అది శనే. రవితో పాటు సింహంలో ఉన్నది "శు". లగ్నాన్ని కూడా ఇలాగే పరీక్షించవచ్చు. సూర్యోదయ వేళకు రవి ఉన్న రాశే లగ్నమవుతుంది, ఆ తరువాత దాదాపు రెండు గంటలకొక రాశి చొప్పున ముందుకు జరుగుతుంది. ఆగస్టు 22 ప్రాంతంలో తిరుపతిలో ఆరు గంటల ప్రాంతంలో సూర్యోదయం అవుతుంది, అప్పుడు సింహ లగ్నం. మీరు పుట్టిన 8.45కు తరువాతి రాశి, అంటే కన్య రావాలి. మీ కాగితంలోనూ అదే ఉంది.

సరిచూసిన తరువాత మీ చక్రం ఇలా ఉంటుంది. కన్యలో లగ్నం మాత్రమే ఉంది. తులలో కుజుడు, ధనుస్సులో చంద్రుడు, మకరంలో కేతువు, మేషంలో గురువు, శని, కర్కాటకంలో బుధుడు, రాహువు, సింహంలో రవి, శుక్రుడు ఉన్నారు.

ఇక పన్నెండు ఇళ్లు జీవితంలో వేటిని సూచిస్తాయో చూద్దాం. వీటిని వరుసగా బట్టీ పట్టడం కంటే, ఎదురెదురుగా ఉన్న ఇళ్లను జతలుగా చూడడం మేలని నా అనుభవం. ఎందుకంటే ఒక ఇంటి అర్థం దాని ఎదుటి ఇంటి పక్కన పెట్టి చూసినప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. ఒకటో ఇల్లు నేను, నా శరీరం, నా స్వభావం అయితే, దానికి ఎదురుగా ఉన్న ఏడో ఇల్లు నా ఎదుట నిలిచే మనిషి: భార్య లేదా భర్త, వ్యాపారంలో భాగస్వామి. రెండో ఇల్లు నేను పుట్టిన కుటుంబం, నేను కూడబెట్టిన ధనం, నోటికి సంబంధించిన మాట, భోజనం. దాని ఎదుటి ఎనిమిదో ఇల్లు నా చేతిలో లేని ధనం, అంటే వారసత్వంగా వచ్చేది, ఇతరుల సొమ్ము. ఆయువు, రహస్యాలు, అనుకోకుండా వచ్చే మలుపులు కూడా అక్కడే చూస్తారు.

నాలుగో ఇల్లు తల్లి, సొంత ఇల్లు, భూమి, వాహనం, మనశ్శాంతి. చదువును కూడా ఇక్కడ చూడడం మన వాడుక. దానికి సూటిగా ఎదురుగా ఉన్న పదో ఇల్లు ఇంటి గడప దాటి బయట చేసే పని: వృత్తి, ఉద్యోగం, నలుగురిలో పేరు. దీన్నే రాజ్య స్థానమని, కర్మ స్థానమని అంటారు. ఇంటికీ పనికీ ఉన్న ఈ ఎదురెదురు సంబంధాన్ని మనసులో ఉంచుకోండి, మీ జాతకంలో ఇది అవసరమవుతుంది. మూడో ఇల్లు తమ్ముళ్లు, చెల్లెళ్లు, సొంత ధైర్యం, చేతులతో చేసే ప్రయత్నం. తొమ్మిదో ఇల్లు తండ్రి, గురువు, తీర్థయాత్ర, మన ప్రయత్నంతో నిమిత్తం లేకుండా కలిసివచ్చే భాగ్యం. ఐదో ఇల్లు సంతానం, బుద్ధి, మంత్రం, పూర్వపుణ్యం. పదకొండో ఇల్లు లాభం, అక్కలు, అన్నలు, స్నేహితులు. ఇక ఆరో ఇల్లు రోగం, ఋణం, శత్రువు. ఈ మూడు మాటలకే భయపడి చాలామంది ఆ ఇంటిని చూడరు గాని, పోటీ పడడం, ఇంకొకరి కింద కొలువు చేయడం కూడా ఆ ఇంటివే. పోటీ పరీక్షలు రాసేవారి జాతకంలో నేను మొదట చూసేది దాన్నే. పన్నెండో ఇల్లు ఖర్చు, నిద్ర, దూరదేశం, మోక్షం.

ప్రతి ఇంటికీ ఒక యజమాని ఉంటాడన్నాను కదా. ఆ ఇల్లు ఏ రాశిలో పడిందో ఆ రాశికి అధిపతి అయిన గ్రహమే దాని యజమాని. సింహానికి రవి, కర్కాటకానికి చంద్రుడు. మిగిలిన ఐదు గ్రహాలకు రెండేసి రాశులు: మేష వృశ్చికాలకు కుజుడు, వృషభ తులలకు శుక్రుడు, మిథున కన్యలకు బుధుడు, ధనుర్మీనాలకు గురువు, మకర కుంభాలకు శని. రాహు కేతువులను ఈ లెక్కలో అధిపతులుగా తీసుకోనవసరం లేదు.

ఇప్పుడు మీ పదో ఇంటికి వద్దాం. ఏ ఇంటినైనా నేను నాలుగు మాటల్లో అడుగుతాను: అది ఏ రాశి, అందులో ఎవరున్నారు, దాని అధిపతి ఎక్కడున్నాడు, దాన్ని ఎవరు చూస్తున్నారు. కన్య నుంచి లెక్కిస్తే పదోది మిథునం. అందులో ఎవరూ లేరు. మీకు చెప్పినవారు ఇక్కడే ఆగిపోయారు. రెండు మాటలకే జవాబు తీసుకుని, మిగిలిన రెండింటినీ అడగకుండా వదిలేశారు.

మిథునానికి అధిపతి బుధుడు. లగ్నమైన కన్యకు కూడా ఆయనే అధిపతి. అంటే మీ జాతకంలో మనిషికీ ఆమె చేసే పనికీ యజమాని ఒక్కడే. ఇలాంటివారు తమ పనితో తమను తాము గుర్తించుకుంటారని, పని సరిగా సాగకపోతే ఒంట్లో బాగోలేనట్టే నలిగిపోతారని పెద్దలు చెబుతారు. ఆ బుధుడు కర్కాటకంలో, లగ్నానికి పదకొండో ఇంట ఉన్నాడు. పదో ఇంటి యజమాని లాభ స్థానంలో కూర్చోవడం వల్ల చేసే పని ఆదాయంగా మారే దారి కనిపిస్తోంది. ఆ దారి స్నేహితుల ద్వారా, తోటివారి పరిచయాల ద్వారా తెరుచుకుంటుందని చెప్పాలి. బుధుడు రాత, లెక్క, మాట, వ్యాపారం వంటి వాటికి కారకుడు. ఆయనతో పాటు రాహువు ఉన్నందువల్ల ఇంట్లో పెద్దలు అంతకుముందు చేయని కొత్త తరహా పని, లేదా పరాయి ప్రాంతాలవారితో ముడిపడిన పని కావచ్చని చెప్పడం వాడుక. రాహువు బుధుడి నిలకడను కొంత చెదరగొడతాడని కూడా చెబుతారు. మీతో అన్న మాటలో ఏదైనా పస ఉంటే అది ఇక్కడే ఉంది గాని, ఇల్లు ఖాళీగా ఉండడంలో లేదు.

నాలుగో మాట, దృష్టి. ప్రతి గ్రహమూ తనకు ఏడో గడిని, అంటే ఎదుటి గడిని చూస్తుంది. శని అదనంగా మూడు, పది గళ్లను, గురువు ఐదు, తొమ్మిది గళ్లను, కుజుడు నాలుగు, ఎనిమిది గళ్లను చూస్తారు. ధనుస్సులో ఉన్న చంద్రుడు సరిగ్గా ఎదుట ఉన్న మిథునాన్ని చూస్తున్నాడు. మేషంలో ఉన్న శని తనకు మూడోదైన మిథునాన్ని చూస్తున్నాడు. అందుచేత మీ పదో ఇంట్లో ఎవరూ లేకపోయినా దాని మీద రెండు చూపులున్నాయి. శని చూపు ఆలస్యాన్ని, శ్రమను ఇస్తుంది. కాని ఒకసారి కుదురుకున్నాక అంత తేలిగ్గా వదలనివ్వదు. మీ లగ్నానికి ఆరో ఇల్లైన కుంభానికి శనే అధిపతి కావడం వల్ల, పోటీ ద్వారానో ఒకరి కింద కొలువు ద్వారానో పని రావడాన్ని కూడా ఈ చూపు సూచిస్తుంది. చంద్రుడు నాలుగో ఇంట కూర్చుని పదో ఇంటిని చూస్తున్నందువల్ల ఇంటి సంగతులు, ముఖ్యంగా తల్లి మాట, మీ వృత్తి నిర్ణయాల్లో బలంగా పనిచేస్తాయి. ఇల్లూ పనీ ఎదురెదురు ఇళ్లని ఇందాక అన్నది ఇందుకే.

ఈ నాలుగింటినీ కలిపి ఒక్క వాక్యంలో చెప్పాలంటే, మీ పదో ఇల్లు ఉద్యోగం నిలవదని చెప్పడం లేదు. మొదట్లో కొంత ఆలస్యం, దిశ మారడం ఉన్నా, రాతకో లెక్కకో సంబంధించిన పని పరిచయాల ద్వారా ఆదాయమివ్వగలదని చెబుతోంది. అంతకు మించి, ఏ సంస్థలో, ఏ సంవత్సరంలో అన్నది ఇళ్లు చెప్పవు. ఇల్లు పొలం లాంటిది, ఏ పంటకు అనుకూలమో చెబుతుంది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పేది దశ, అంటే జీవితంలో ఒక్కో గ్రహానికి కేటాయించిన కాలం. ఆ రోజు ఉదయం ఆ రెండు గంటల్లో తిరుపతి ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలందరికీ దాదాపు ఇవే పన్నెండు ఇళ్లు వస్తాయి. వారందరి జీవితం ఒకటి కాదు కాబట్టి, ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే నవాంశ చక్రాన్ని, దశలను చూడకుండా ఇళ్లను మాత్రమే పట్టుకుని సంఘటనలు చెప్పడం తగదు. కంప్యూటర్ జాతకంలో రాశి చక్రం పక్కనే నవాంశ చక్రం కూడా అచ్చవుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని, పైన చెప్పినదంతా రాశి చక్రానికే వర్తిస్తుంది.

ఎనిమిదో ఇంట్లో గురువు సంగతికి వద్దాం. మీకు ఎనిమిదోది మేషం, అందులో గురువు, శని ఉన్నారు. మేషం శనికి నీచ రాశి కాబట్టి అది బలమైన స్థితి కాదు, ఆ మాట దాచనక్కరలేదు. కాని గురువు విషయంలో మళ్లీ నాలుగో మాట అడగండి. మేషం నుంచి తొమ్మిదో గడి ధనుస్సు, అంటే గురువు తన సొంత ఇంటినే చూస్తున్నాడు. ఆ ధనుస్సు మీ నాలుగో ఇల్లు, అక్కడ చంద్రుడు ఉన్నాడు. ఇంటి యజమాని దూరాన ఉన్నా తన ఇంటిని కనిపెట్టుకుని ఉంటే ఆ ఇల్లు పాడుపడదు. తల్లికి, సొంత ఇంటికి సంబంధించి ఇది మంచి రక్షణగానే చెబుతారు. ఎనిమిది అన్న అంకె వినగానే ఆయువును లెక్కగట్టి చెప్పేవారి మాట పట్టించుకోకండి. ఒక ఇంటిని చూసి ఆయుర్దాయం చెప్పడం శాస్త్రంలోనే లేదు.

ఇక మిగిలింది పుట్టిన సమయం. మీకు కన్య లగ్నం ఇంచుమించు 7.45 నుంచి 9.45 వరకు ఉంటుంది, 8.45 దాదాపు మధ్యలో పడింది కాబట్టి పది నిమిషాల తేడా ఉన్నా ఇళ్లు మారవు. చేతితో వేసిన పాత జాతకాల్లో మరో పొరపాటు దొర్లుతుంటుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, తిరుపతి సుమారు 79.4 డిగ్రీల దగ్గర ఉంది. కాబట్టి స్థానిక కాలం గడియారం కంటే 12 నిమిషాలు వెనుక ఉంటుంది. ఆ 12 నిమిషాలు తీయడం మరిచిపోతే లగ్నం మూడు డిగ్రీలు తప్పుతుంది. మీకు ఇబ్బంది లేదు గాని, 9.40కి పుట్టిన బిడ్డకు కన్యకు బదులు తుల వచ్చి పన్నెండు ఇళ్లూ మారిపోతాయి. అప్పుడు పదో ఇల్లు కర్కాటకమవుతుంది, అందులో బుధుడు, రాహువు ఉంటారు, మీరు అడిగిన ఖాళీ ప్రశ్నే ఉండదు. అందుకని 8.45 అన్నది అమ్మ గుర్తుపెట్టుకుని చెప్పినదా, ఆసుపత్రి చీటీలో రాసి ఉన్నదా అని ఒకసారి అడిగి చూడండి. చీటీ దొరికితే దానిలోని సమయమే తీసుకోండి. దొరకకపోతే, పుట్టినప్పటికి ఆసుపత్రిలో ఉదయం టిఫిన్ ఇవ్వడం అయిందా లేదా, నాన్నగారు పనికి బయలుదేరారా లేదా వంటి గుర్తులతో సమయాన్ని 9.45కు ముందా తరువాతా అన్నంత వరకైనా తేల్చుకోండి. ఆ తరువాత పైన చెప్పిన నాలుగు మాటలతో మీ నాలుగో ఇంటిని, ధనుస్సును, మీరే చదివి ఇక్కడ రాయండి. దానిలో ఎవరున్నారు, యజమాని ఎక్కడున్నాడు, ఎవరు చూస్తున్నారు అన్నవన్నీ ఈ సమాధానంలోనే ఉన్నాయి, నేను సరిచూసి చెబుతాను.